గేటు బయట ఆగిన బండ్లు

నేను ఒక గోడౌన్‌లో ఇన్‌వర్డ్ ఇన్‌ఛార్జ్‌ని. వచ్చిన సరుకు దించుకుని, లెక్క చూసుకుని, లోపలికి తీసుకోవడం నా పని. పుట్టింది ధర్మవరం, ఉండేది హిందూపురం. గోడౌన్ సోమందేపల్లికీ పెనుకొండకూ మధ్య, ఎన్‌హెచ్ 44 పక్కన ఉంది. సబ్బులు, బిస్కెట్లు, నూనె, పిండి లాంటి కిరాణా సరుకు బెంగళూరు, హోసూరు, చెన్నై, పుణె వైపు నుంచి పెద్ద లారీల్లో మా దగ్గరికి వస్తుంది. ఇక్కడి నుంచి రాయలసీమ ఊళ్లకు చిన్న బండ్లలో పోతుంది. 2019లో ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి ఈ రోడ్డు మీద లారీలు బాగా పెరిగాయి. మాది ఆ సరుకు కాదు కానీ రోడ్డు మాత్రం అదే.

2024 సెప్టెంబరు నుంచి మా యార్డులో జరిగింది రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి గేటు చూసుకునేవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాకు ఆరు డాక్‌లు ఉన్నాయి. గేటు లోపల పన్నెండు బండ్లు నిలబడే జాగా ఉంది. మామూలు రోజుల్లో 35 నుంచి 40 బండ్లు వస్తాయి. అప్పట్లో పద్ధతి ఒకటే. ముందు వచ్చిన బండి ముందు. గేటు దగ్గర సెక్యూరిటీ పెద్దాయన పుస్తకంలో నంబరు రాసుకుంటాడు, ఆ వరసలో లోపలికి పిలుస్తాడు. అందరికీ న్యాయంగా ఉందనే అనుకునేవాళ్లం.

ఆ ఏడు వినాయక చవితి అయిపోగానే దసరా సరుకు రావడం మొదలైంది. నెలాఖరు దగ్గర పడేకొద్దీ ఇంకా పెరిగింది. సెప్టెంబరు 30కి అర్ధ సంవత్సరం లెక్కలు ముగుస్తాయి కాబట్టి కంపెనీలు టార్గెట్ కోసం ఆ లోపలే బిల్లు కొట్టి బండి తోలేస్తాయి. దించుకునే చోట జాగా ఉందా లేదా అన్నది వాళ్ల లెక్కలో ఉండదు. నాలుగో వారానికి మా గేటు ముందు సర్వీసు రోడ్డు నిండిపోయింది. తర్వాత లారీలు హైవే అంచుకు చేరాయి.

బయట మరుగుదొడ్డి లేదు. నీళ్ల కుళాయి లోపల ఉంది. గేటు ఎంట్రీ కాని డ్రైవరును లోపలికి రానివ్వకూడదు. రెండు రాత్రులు బయటే గడిపిన తమిళ డ్రైవరు ఒకాయన ఖాళీ బాటిల్ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నేను పక్కనుంచే నడిచిపోయాను. ఆపి అడగలేదు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సెప్టెంబరు 27, శుక్రవారం. రాత్రి ఎనిమిది దాటింది. పక్క ఊరి కుర్రాడు పని ముగించుకుని బైకు మీద ఇంటికి పోతున్నాడు. మా వరసలో చివరి లారీ హైవే అంచున, లైట్లు ఆర్పేసి ఉంది. దాని వెనక రిఫ్లెక్టర్ల మీదికి టార్పాలిన్ జారి ఉంది. కుర్రాడు నేరుగా దాన్ని గుద్దుకున్నాడు.

ఆ చప్పుడు డాక్ దాకా వినిపించింది. ఎవరో బండి బోల్తా పడిందని అరిచారు. నేను ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. చేతులు వణుకుతున్నాయి. 108కి ఫోన్ చేయాలని తెలుసు, నంబరు నొక్కలేకపోయాను. మా హమాలీ మేస్త్రీ చేశాడు. నలుగురు హమాలీలు ఆ పిల్లాడిని కదిలించకుండా చుట్టూ నిలబడి, వెనక నుంచి వచ్చే బండ్లకు సెల్‌ఫోన్ లైట్లు చూపించారు. నేను బయటికి వచ్చేసరికి ఊరివాళ్లు చేరారు. పోలీసులు వచ్చారు. ఎవరి లారీ, ఎవరి గోడౌన్, ఎవరు పెట్టమన్నారు అని అందరూ అడుగుతున్నారు. నా గొంతు పెగల్లేదు. మేస్త్రీయే నా పక్కన నిలబడి, "మేడమ్‌కు టైం ఇయ్యండప్పా, పారిపోయే మనిషి గాదు" అన్నాడు.

కుర్రాడు బతికాడు. తొడ ఎముక విరిగింది, రాడ్ వేశారు. శనివారం హిందూపురం ఆసుపత్రికి పోయాను. వాళ్లమ్మ నన్ను తిట్టలేదు. "మీ బండ్లు ఆ రోడ్డు మీదనుంచి ఎప్పుడు తీస్తారమ్మా?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పెద్ద గోడౌన్ కట్టాలి, డాక్‌లు పెంచాలి అని నోటికి వచ్చింది ఏదో చెప్పాను. అప్పటికి నేను నిజంగానే అలా అనుకుంటున్నాను.

అక్టోబరులో బిల్లులు వచ్చాయి. మా ఒప్పందం ప్రకారం బండి రిపోర్ట్ చేసిన దగ్గర్నుంచి 24 గంటలు ఉచితం. అది దాటితే 32 అడుగుల బండికి రోజుకు 2,500 రూపాయలు హాల్టింగ్. ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు తన బండ్లు రెండేసి రోజులు ఆగాయని బిల్లు పంపింది. మా పుస్తకంలో చూస్తే అవే బండ్లు ఎనిమిది, తొమ్మిది గంటల్లో బయటికి పోయినట్టు ఉంది. అబద్ధపు బిల్లు అని మా అకౌంట్స్‌వాళ్లు పక్కన పెట్టేశారు.

ఆ ఆఫీసు చూసుకునేది హిందూపురంలోనే ఉండే ఒకామె. వాదన పెట్టుకోలేదు. బండ్ల ఫాస్టాగ్ మెసేజీలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. బాగేపల్లి టోల్ దాటిన తేదీ, టైం అందులో ఉన్నాయి. అక్కడి నుంచి మా గేటుకు గంట ప్రయాణం. మా పుస్తకంలో ఎంట్రీ మాత్రం మర్నాడు సాయంత్రం పడింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు, మా పుస్తకమూ అబద్ధం కాదు. మేం బండి గేటు దాటినప్పుడు టైం రాస్తున్నాం. బయట నిలబడిన కాలం ఏ పుస్తకంలోనూ లేదు. రాయని దాన్ని తగ్గించడం ఎవరి వల్లా కాదు.

ఇంకో సంగతి కూడా ఆమె చెప్తేనే అర్థమైంది. ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. పుణె బండికి నాలుగైదు రోజులు దొరుకుతాయి. హోసూరు బండికి దొరికేది ఒక్క రోజే, అంటే బిల్లు తీసిన మర్నాటి అర్ధరాత్రి వరకు. దగ్గరి నుంచి వచ్చిన బండికే మా గేటు ముందు ముందుగా గడువు తీరుతుంది. గడువుకు ఎనిమిది గంటలు ముందు నుంచి ఎనిమిది గంటలు తర్వాత వరకే పొడిగించుకోవచ్చు. అది దాటిపోతే బండిలో సరుకు ఉన్నా చేతిలో చెల్లే కాగితం ఉండదు. ఆమె సెప్టెంబరు రాత్రుల్లో అలారం పెట్టుకుని లేచి పొడిగింపులు చేసింది. మా వల్ల ఒక మనిషికి నిద్ర లేకుండా పోయిందని నాకు అప్పటివరకు తెలియదు.

దసరా అయ్యాక నేను గేటు బయట కూర్చోవడం మొదలుపెట్టాను. సెక్యూరిటీ పెద్దాయన తన కుర్చీ నాకిచ్చి స్టూల్ మీద కూర్చున్నాడు. ప్రతి బండికీ ఐదు టైంలు రాశాం. రోడ్డు మీద ఆగినది, గేటు దాటినది, డాక్‌కు తగిలినది, సరుకు దిగిపోయినది, డాక్ వదిలినది. రాత్రి ఆయన రాశాడు, పగలు నేను రాశాను.

ఒక మామూలు సోమవారం లెక్క చెప్తాను. 38 బండ్లు వచ్చాయి. వాటిలో 14 పెద్ద లారీలు, విడి కార్టన్లు. ఒక్కోటి డాక్ మీద మూడు గంటలు ఉంటుంది. ప్యాలెట్ల మీద వచ్చినవి 12, ఒక్కోటి గంట. చిన్న బండ్లు 12, ఒక్కోటి ముప్పావు గంట. మొత్తం కలిపితే 63 డాక్ గంటల పని. ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు పని చేస్తాం. తిండికి, షిఫ్టు మార్పుకు రెండు గంటలు తీసేస్తే 14 గంటలు. ఆరు డాక్‌లకు 84. అంటే చోటు సరిపోతుంది, ఇంకా మిగులుతుంది.

మరి బయట వరస ఎందుకు? ఉదయం తొమ్మిదికల్లా 24 బండ్లు వచ్చేశాయి. వాటి పని 42 గంటలకు పైన. ఆరు నుంచి తొమ్మిది దాకా ఆరు డాక్‌లు చేయగలిగింది 18 గంటలు. మిగిలిన పని అంతా యార్డులోనూ గేటు ముందూ నిలబడింది. ఆ తర్వాత ఒక్క బండి కూడా రాకపోయినా అది కరగడానికి ఇంకో నాలుగు గంటలు పడుతుంది. అదే రోజు సాయంత్రం ఆరు తర్వాత డాక్‌లు ఖాళీగా ఉన్నాయి. హమాలీలు బీడీలు తాగుతూ కూర్చున్నారు. ఆసుపత్రిలో ఆ తల్లికి నేను చెప్పిన జవాబు తప్పని ఆ కాగితం చూశాకే తెలిసింది.

అందరూ తెల్లారేసరికే ఎందుకు వస్తున్నారో ధర్మవరం డ్రైవరు ఒకాయన చెప్పాడు. మా నాన్న వయసు మనిషి. మా ఊరివాడని చనువుగా అడిగాను. ఆయన అన్న మాట ఇది: "అమ్మా, నీ పని పగలు పదకొండుకు అని నువ్వు చెప్పినావంటే నేను దాబాలో నిద్ర పోతా. ముందొచ్చినోనికే ముందంటివి. ఇంగ నేనేం చేయల్ల? రేయంతా తోలల్ల. నా ముందర నాలుగు బండ్లు పడితే నా దినం పాయె."

బెంగళూరులో పెద్ద బండ్లకు పగటిపూట ఆంక్షలున్నాయి కాబట్టి రాత్రే కదులుతారని నాకు తెలుసు. మా వరస పద్ధతే వాళ్లను ఇంకా తొందరపెడుతోందని తెలియదు. ముందొచ్చినవాడికి ముందు అన్నంత కాలం ప్రతి డ్రైవరూ పక్కవాడి కంటే ముందు రావాలి. ఆయన రాత్రంతా కళ్లు మూసుకుపోతుంటే తోలుకొచ్చి మా గేటు ముందు పగలంతా కూర్చుంటున్నాడు.

ఆ కాగితాల్లో ఇంకోటి కనపడింది. విడి కార్టన్ల బండి డాక్ మీద ఉండే మూడు గంటల్లో సరుకు దిగడానికి పట్టేది రెండు గంటల ఇరవై నిమిషాలు. మిగతా నలభై నిమిషాలు ఖాళీ బండి డాక్‌కు ఆనుకుని నిలబడి ఉంటుంది. ఎల్‌ఆర్‌లో 1,200 కార్టన్లు అని ఉండి లెక్కకు నాలుగు తగ్గితే మళ్లీ లెక్క. తర్వాత జీఆర్‌ఎన్. తర్వాత పీఓడీ మీద సంతకం, ముద్ర. కాగితం చేతికి వచ్చేదాకా డ్రైవరు బండి తీయడు, తీస్తే తనను మర్చిపోతారని భయం. గోడ పక్కన నాలుగు బండ్లకు గీతలు గీశాం. సరుకు దిగగానే బండి అక్కడికి పోవాలి, కాగితం తీసుకుని మా మనిషే డ్రైవరు దగ్గరికి పోవాలి. 14 బండ్లకు నలభై నిమిషాలు చొప్పున రోజుకు తొమ్మిది డాక్ గంటలు మిగిలాయి. రూపాయి ఖర్చు కాలేదు. మొదటి రెండు వారాలు డ్రైవర్లు నమ్మలేదు. కాగితం అరగంట లోపల అందుతోందని చూశాక వాళ్లంతట వాళ్లే తీయడం మొదలుపెట్టారు.

నవంబరులో స్లాట్లు మొదలుపెట్టాం. సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు, ఎక్సెల్ షీటు. అడ్డం ఆరు డాక్‌లు, నిలువు అరగంటలు. బండిలో సరుకు ఎలా ఉందో దాన్ని బట్టి ఎన్ని అరగంటలు ఇవ్వాలో నిర్ణయించాం. షీటు నింపుతుంటే మేస్త్రీ వెనక నుంచి చూసి ఒక్క మాట అన్నాడు: "డాక్‌లు ఆరు సరే మేడమ్, నా గ్యాంగులు నాలుగే." అంటే విడి కార్టన్ల బండ్లు ఒకే టైంలో నాలుగుకు మించి పెడితే లాభం లేదు. సెప్టెంబరులో ఆరు డాక్‌లకూ అవే బండ్లు తగిలించి, నాలుగు గ్యాంగులను చీల్చి, అన్నీ నెమ్మదిగా దించాం. బండ్లు డాక్‌కు తగిలి ఉన్నాయి కాబట్టి పని జరుగుతోందని అనుకున్నాం. షీటులో ఏ అరగంటలోనూ విడి సరుకు బండ్లు నాలుగు దాటకూడదని గీత పెట్టాం. మిగతా రెండు డాక్‌లలో ఒకటి ప్యాలెట్ బండ్లకు, ఒకటి ఎవరికీ ఇవ్వకుండా ఉంచాం. ఆలస్యమైనవాళ్లకు, అర్జెంటు సరుకుకు, పిలవకుండా వచ్చినవాళ్లకు ఆ డాక్.

ఒక్క డాక్ ఖాళీగా ఉంచడానికి పై ఆఫీసు ఒప్పుకోలేదు. నిండా నింపమన్నారు. నిండా నింపితే ఒక బండి అరగంట ఆలస్యమైనా వెనక బండ్లన్నీ జరుగుతాయి, సాయంత్రానికి ఏ టైమూ నిజం కాదు. ఇది చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. మా గోడౌన్ మేనేజరు సారు చెప్పారు. తన పేరు మీద రాసిచ్చారు.

మొదటి వారం ముగ్గురు సప్లయర్లకే స్లాట్లు ఇచ్చాం. ఎప్పటిలాగే తెల్లవారి నాలుగింటికే వరస కట్టారు. నాకు మళ్లీ గుండె దడ పట్టుకుంది. బయటికి పోయి డ్రైవర్లను ఒక్కొక్కరినీ మీ టైం ఎంత అని అడిగాను. ఒక్కరికీ తెలియదు. మేం టైం పంపింది సప్లయరు ఆఫీసులో డిస్పాచ్ గుమాస్తాకు. ఆయన ట్రాన్స్‌పోర్ట్‌కు చెప్పలేదు, వాళ్లు డ్రైవరుకు చెప్పలేదు. అప్పుడు పద్ధతి మార్చాం. బండి నంబరు, డ్రైవరు సెల్ నంబరు ఇస్తేనే స్లాట్ ఖాయం. టైం ఎల్‌ఆర్ మీద రాయాలి. సాయంత్రం మా ఆఫీసు పిల్ల ప్రతి డ్రైవరుకూ ఫోన్ చేసి తెలుగులోనో కన్నడంలోనో టైం చెప్పాలి. మెసేజ్ పెడితే సగం మంది చదవరు, బండి తోలేటప్పుడు చదవనూ కూడదు. ఆ పిల్ల కొత్తగా చేరింది. ఆ నెల ఆమె చేసిన ఫోన్లే మా పద్ధతిని నిలబెట్టాయి.

తర్వాత వచ్చిన ఇబ్బంది ఉత్త బుకింగులు. సప్లయర్లు ముందుజాగ్రత్తగా పది స్లాట్లు పట్టుకుని ఆరు బండ్లు పంపేవాళ్లు. షీటు నిండి ఉంటుంది, డాక్ ఖాళీగా ఉంటుంది, నిజంగా బండి ఉన్నవాడికి టైం దొరకదు. సోమవారాల్లో ఇది బాగా కనపడేది. ముందు రోజు సాయంత్రం ఆరుకు బండి నంబరు రాకపోతే స్లాట్ రద్దు అని పెట్టాం. దాంతో చాలావరకు సర్దుకుంది.

అన్నిటికంటే కష్టమైంది ఫోన్లు. సేల్స్ వాళ్లు ఫోన్ చేసి ఫలానా బండిని ముందు దించమంటారు. ఒక్క బండిని వరస తప్పించి లోపలికి పిలిస్తే ఆ కబురు గంటలో దాబాల దాకా పోతుంది. ఇచ్చిన టైమ్‌కు విలువ లేదని తేలితే మర్నాడు అందరూ మళ్లీ నాలుగింటికే వస్తారు. డిసెంబరులో ఒక పెద్దాయన ఫోన్‌లో నా ఉద్యోగం గురించే మాట్లాడాడు. నేను ఏడ్చాను. ఖాళీ డాక్‌లో చోటు వచ్చాకే ఆ బండిని పిలిచాను. ఆ రోజు కూడా మేనేజరు సారు అడ్డం నిలబడకపోతే నేను నిలబడగలిగేదాన్ని కాదు.

జనవరిలో సంక్రాంతి సరుకు వచ్చింది. బుక్ చేయని బండ్లకు తెల్లవారి ఐదింటికి గేటు దగ్గర టోకెన్లు ఇద్దామని పై నుంచి సలహా వచ్చింది. సరేనన్నాం, టోకెన్ పుస్తకాలు అచ్చు వేయించాం. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు ఇచ్చే చోట తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. దర్శనం దగ్గర రద్దీ లేకుండా చేయడానికే ఆ టోకెన్లు. ముందు వచ్చినవాళ్లకు ఒకచోట ఇస్తామంటే రద్దీ టోకెన్ ఇచ్చే చోటికి మారుతుంది. ఆ వార్త చూశాక నాకు నిద్ర పట్టలేదు. మా గేటు ముందు మనుషులకు బదులు పదహారు టన్నుల బండ్లు ఉంటాయి. పొద్దున్నే పోయి ఆ పుస్తకాలు పక్కన పెట్టించాను. గేటు దగ్గర ఏ టైమూ ఇవ్వం. బుక్ చేయని డ్రైవరు ఫోన్ చేయాలి, చోటు ఉన్న గంట చెప్తాం, అప్పటిదాకా రావద్దని చెప్తాం. గేటు మీద తెలుగు, కన్నడం, తమిళం, హిందీల్లో ఆ నంబరు రాయించాం.

ముందే వచ్చేసినవాళ్లను ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. రావద్దన్నంత మాత్రాన రాత్రి తోలుకొచ్చిన బండి ఎక్కడికి పోతుంది? సోమందేపల్లి వైపు ఒక రైతు తన బీడు భూమి అద్దెకు ఇచ్చాడు. కంకర తోలించి, రెండు లైట్లు, నీళ్ల ట్యాంకు, రెండు మరుగుదొడ్లు పెట్టాం. ఇరవై బండ్లు పడతాయి. తన టైమ్‌కు అరగంట ముందు ఫోన్ వస్తే డ్రైవరు అక్కడి నుంచి కదులుతాడు. దీనికి నెల అద్దె ఎందుకని అడిగినవాళ్లకు సెప్టెంబరు హాల్టింగ్ బిల్లులు చూపించాను. ఆ కుర్రాడి సంగతి చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. బిల్లులే పని చేశాయి.

ఫిబ్రవరిలో ట్రాన్స్‌పోర్ట్‌వాళ్లతో హాల్టింగ్ ఒప్పందం తిరగరాశాం. ఫాస్టాగ్ మెసేజీలు తెచ్చినామె వాళ్ల తరఫున కూర్చుంది. బండి టైమ్‌కు ముందే వస్తే లెక్క స్లాట్ నుంచి మొదలవుతుంది. ఆలస్యంగా వస్తే వచ్చిన టైం నుంచి. ఇంతవరకు మాకు మేలు. దానికి బదులు ఆమె ఒకటి అడిగింది. టైం ఇచ్చి పిలిచి, రెండు గంటల్లో డాక్‌కు తగిలించకపోతే 24 గంటల ఉచితం పోవాలి, హాల్టింగ్ అప్పుడే మొదలవ్వాలి. "అమెరికాలో రెండు గంటలే ఫ్రీ అంట మేడమ్, మేం రోజంతా ఇస్తున్నాం" అంది. అక్కడ ఎక్కువ ఒప్పందాల్లో రెండు గంటల మాట నిజమే. మా అకౌంట్స్‌వాళ్లు భయపడ్డారు. మేం ఒప్పుకున్నాం. టైం తప్పితే డబ్బు పోయేది మాకే అయినప్పుడు టైం నిలబెట్టుకుంటాం. అప్పటి నుంచి రిపోర్టింగ్ టైం అంటే మేం అద్దెకు తీసుకున్న మైదానంలోకి బండి వచ్చిన టైం. అక్కడి కాపలాదారు రాస్తాడు, డ్రైవరు పక్కన సంతకం పెడతాడు. బిల్లుల మీద తగాదాలు దాదాపు పోయాయి.

అన్నిటికీ స్లాట్ పనికిరాదు. పుణె బండి రెండు రోజులు రోడ్డు మీద ఉంటుంది. దానికి అరగంట చెప్పి, తప్పావంటే అర్థం లేదు. వాటికి పూటలు ఇస్తాం, పొద్దుటి పూట లేదా మధ్యాహ్నం పూట. దగ్గరికి వచ్చాక అనంతపురం నుంచో బాగేపల్లి నుంచో ఫోన్ చేస్తే గంట చెప్తాం. ధర్మవరం, హిందూపురం నుంచి వెనక్కి వచ్చే సరుకు చిన్న బండ్లకు బుకింగ్ లేదు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య ఎప్పుడైనా రావచ్చు. ప్రతి బండికీ నిమిషం లెక్క పెట్టబోతే షీటు చూసుకోవడానికే మనిషి కావాలి.

నెలాఖరు రద్దీ స్లాట్లతో తీరలేదు. 55 బండ్లు వచ్చే రోజున పని 84 గంటలు దాటుతుంది. ఎంత బాగా పేర్చినా 84 గంటల్లో 90 గంటల పని పట్టదు. స్లాట్ల వల్ల జరిగిన మేలు ఒక్కటే. ఆ సంగతి లారీ గేటు ముందుకు వచ్చాక కాకుండా వారం ముందే తెలుస్తుంది. ఇప్పుడు 25 నుంచి నెలాఖరు వరకు షీటును 15వ తేదీనే తెరుస్తున్నాం. నిండిన రోజు నిండిందని సప్లయరుకు ముందే చెప్పేస్తాం, ఆయన తన దగ్గరే ఒక రోజు ఆపుకుంటాడు. గట్టిగా గొణుగుతారు, కానీ ఆపుకుంటున్నారు.

ఆ కుర్రాడు ఇప్పుడు నడుస్తున్నాడు. కొంచెం కుంటు ఉంది. పనికి పోతున్నాడు. వాళ్లమ్మను ఉగాదికి కలిశాను. సర్వీసు రోడ్డు మీద బండ్లు లేవని ఆమే చెప్పింది. నేను థాంక్స్ చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రాత్రి ఫోన్ చేసిన మేస్త్రీ, లైట్లు పట్టుకున్న నలుగురు హమాలీలు, రాత్రిళ్లు టైంలు రాసిన సెక్యూరిటీ పెద్దాయన, నిజం చెప్పిన ధర్మవరం డ్రైవరు, ఫోన్లు చేసిన పిల్ల, బిల్లుతో పాటు రుజువు కూడా తెచ్చిన హిందూపురం ఆమె, తన పేరు మీద కాగితం రాసిచ్చిన మేనేజరు సారు. నీళ్ల బాటిల్‌తో నిలబడిన తమిళ డ్రైవరు మళ్లీ ఈ దారిలో వచ్చాడో లేదో తెలియదు.

ఒక సప్లయరు మాత్రం ఇంకా స్లాట్ తీసుకోవడం లేదు. సరుకు ఎక్కువ, పలుకుబడి ఎక్కువ. ఆయన బండ్లు చెప్పకుండా వస్తాయి. వాటిని మైదానానికే పంపుతాం, ఖాళీ డాక్ దొరికాకే పిలుస్తాం, రిపోర్టింగ్ టైం మాత్రం మిగతావాళ్లకు రాసినట్టే నిజం రాస్తాం. వాటి హాల్టింగ్ మేం కట్టి, నెల నెలా బండి నంబర్లతో సహా ఆ లెక్క ఆయన ఆఫీసుకు పంపుతున్నాం. పోయిన నెల మొదటిసారి వాళ్ల గుమాస్తా ఫోన్ చేసి, స్లాట్ కావాలంటే ఏమేం పంపాలని అడిగాడు. బండి నంబరు, డ్రైవరు నంబరు, సరుకు విడిగా ఉందా ప్యాలెట్ల మీద ఉందా, ఈ మూడే చెప్పమన్నాను.